రిసెప్షన్ రెజ్యూమేలో రాసే అంకెలు ఎక్కడి నుంచి తేవాలి?

*నమస్తే మేడమ్. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను. బీకాం చదివాను. వచ్చే ఏడాది పెళ్లయ్యాక విశాఖపట్నం వెళ్తాను కాబట్టి అక్కడి ఆస్పత్రుల్లో ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగాలకి రెజ్యూమే పంపుతున్నాను. ఒక్కరూ పిలవలేదు. “గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్, ఎంఎస్ ఆఫీస్, రోజుకు 200 మందికి పైగా విజిటర్లను హ్యాండిల్ చేశాను” అని రాశాను. 200 నా అంచనా మాత్రమే, మా దగ్గర ఎవరూ లెక్కపెట్టరు. సాఫ్ట్‌వేర్ అంటే మా ఆస్పత్రిది ఒక్కటే వచ్చు. ఫోన్‌లో అరిచేవాళ్లతో మాట్లాడడమే నా పనిలో సగం, దాన్ని రెజ్యూమేలో ఎలా పెట్టాలో తెలీదు. మా అమ్మది రాయగడ, ఇంట్లో ఒడియా కూడా మాట్లాడతాం. రెజ్యూమే జత చేశాను.*
*— ఒక పాఠకురాలు, విజయనగరం*

అమ్మా, మీ రెజ్యూమే చూశాను. ముందు ఆ 200 సంగతి తేలుద్దాం, ఎందుకంటే మిమ్మల్ని పిలవకపోవడానికి అదే కారణం కావచ్చు. ఆస్పత్రిలో ఫ్రంట్ ఆఫీస్‌కి మనుషుల్ని తీసుకునేవాళ్లు చాలామంది ఒకప్పుడు కౌంటర్‌లో కూర్చున్నవాళ్లే. అంకె కనబడగానే వాళ్ల మనసులో భాగహారం మొదలవుతుంది. ఎనిమిది గంటల డ్యూటీ అంటే 480 నిమిషాలు. 200 మంది అంటే మనిషికి రెండున్నర నిమిషాలు కూడా రావు. పేరు ఎక్కించి, డబ్బు తీసుకుని, చిల్లరిచ్చి, మధ్యలో ఫోన్లెత్తి, భోజనానికి లేచే మనిషికి అది కుదరదని వాళ్లకి తెలుసు. మీరు అబద్ధం రాశారని నేననుకోవడం లేదు. రోజంతా మీ ముందుకొచ్చిన తలలు 200 ఉండే ఉంటాయి. విజయనగరంలో ఓపీకి ఒక్కరే వచ్చే పేషెంటు అరుదు. ముసలమ్మ వెంట కొడుకు, కోడలు, ఒక్కోసారి పక్కింటాయన కూడా వస్తారు. రెజ్యూమేలో మీరు తలల్ని లెక్కపెట్టారు, చదివేవాళ్లు పనిని లెక్కపెడతారు. తేడా అక్కడ వచ్చింది.

లెక్క ఎవరూ పెట్టరన్నారు గానీ, మీ ప్రింటర్ పెడుతోంది. ప్రతి ఓపీ స్లిప్పు మీద ఒక వరస నంబరు, తేదీ, టైము ఉంటాయి. ఒక మామూలు నెల తీసుకోండి. దసరా నెల వద్దు. పండగ సెలవులు, ఆ తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమాను, ఊరంతా అటే ఉంటుంది, ఓపీ పడిపోతుంది. సంక్రాంతి నెల కూడా అంతే. జ్వరాల సీజన్‌లో విపరీతంగా పెరిగిన నెలని తీసుకున్నా సగటు తప్పుతుంది. ఏ హడావుడీ లేని ఒక 31 రోజుల నెలలో ఒకటో తారీఖు మొదటి స్లిప్పు నంబరు 4,113 అనుకుందాం. ఆఖరి రోజు చివరి స్లిప్పు 6,296. అంటే ఆ నెల మొత్తం 2,184 స్లిప్పులు. ఆదివారాలు ఐదు తీసేస్తే 26 పని దినాలు. రోజుకు 84. ఇది మీ ఆస్పత్రి ఓపీ, మీ ఒక్కరి పని కాదు. కౌంటర్‌లో ఇంకో అమ్మాయి కూడా ఉంటుంది కదా.

మీ వాటా ఎంతో తెలియాలంటే షిఫ్ట్ క్లోజింగ్‌లో మీరు తీసే రిపోర్టు చూడండి. ఎవరి లాగిన్‌లో ఎన్ని బిల్లులు, ఎంత క్యాష్, ఎంత కార్డు, ఎంత యూపీఐ అని వేరువేరుగా చూపించేది. చాలా ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని యూజర్ వైజ్ కలెక్షన్ అంటారు. మీ లాగిన్ పేరుతో ఆ నెల 1,222 బిల్లులుంటే రోజుకు 47. ఈ 47 గట్టి అంకె. ఇంటర్వ్యూలో ఎవరు ఎటు తిప్పి అడిగినా నిలబడుతుంది.

అయితే అది కాస్త తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే రివ్యూకి వచ్చినవాళ్లు అందులో ఉండరు. చాలాచోట్ల వారం లోపల రెండోసారి వస్తే ఫీజుండదు, బిల్లు రాదు. పాత చీటీ చూసి టోకెన్ ఇచ్చి పంపుతారు. వాళ్ల పేర్లు పక్కన ఒక నోట్‌బుక్‌లో రాస్తుంటారేమో చూడండి. రాయకపోతే ఇప్పటి నుంచి రెండు వారాలు మీరే కాగితం మీద గీతలు పెట్టుకోండి, చాలు. రోజుకు 30 రివ్యూలు వస్తున్నాయని తేలితే దాన్ని 47లో కలపకండి, విడిగా రాయండి. కొత్త రిజిస్ట్రేషన్‌కీ రివ్యూ టోకెన్‌కీ పట్టే సమయం వేరని చదివేవాళ్లకి తెలుసు. మీరు విడదీసి రాశారంటే మీకూ తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

సగటు కన్నా నేనైతే రద్దీ గంటనే ఎక్కువ చూస్తాను. సోమవారం పది నుంచి పన్నెండు మధ్య మీ లాగిన్‌లో ఎన్ని స్లిప్పులు వెళ్లాయో స్లిప్పు మీది టైమే చెబుతుంది. రెండు గంటల్లో 22 అయితే మనిషికి ఐదున్నర నిమిషాలు, మధ్యలో ఫోన్లతో సహా. పెద్ద ఆస్పత్రులవాళ్లకి మధ్యాహ్నం మూడింటికి మీరెలా ఉంటారన్నది అక్కర్లేదు, సోమవారం పదకొండింటికి ఎలా ఉంటారో కావాలి. ఒక్క జాగ్రత్త: నంబర్లే రాసుకోండి. రిజిస్టర్ పేజీలకి ఫోటోలు తీయడం, స్క్రీన్‌షాట్లు పంపుకోవడం వద్దు. అందులో పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బులు ఉంటాయి. రుజువుగా అవి ఇంటర్వ్యూలో చూపించిన అమ్మాయికి ఉద్యోగం రాదు, రాకూడదు కూడా. రిపోర్టు తీసి చూసుకుంటానని మీ ఇన్‌ఛార్జికి ఒక మాట చెబితే ఇంకా మంచిది.

ఇక సాఫ్ట్‌వేర్. ఎంఎస్ ఆఫీస్ అని రాయనివాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ మాటకి విలువ లేదు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఒక్కటే వచ్చని మీరు చిన్నబుచ్చుకుంటున్నారు గానీ, దరఖాస్తు పెట్టేది ఆస్పత్రులకే కదా, ముందు రాయాల్సింది దాన్నే. దాని పేరు రాసి వదిలేయకండి, విశాఖలో వేరే కంపెనీది వాడుతుంటారు, ఆ పేరు వాళ్లకి తెలియకపోవచ్చు. అందులో మీరు చేసే పనులు రాయండి: కొత్త పేషెంటు రిజిస్ట్రేషన్, డాక్టరు వారీ అపాయింట్‌మెంట్, ఓపీ బిల్లింగ్, ల్యాబ్ బిల్లు, రీఫండ్ ఎంట్రీ, షిఫ్ట్ క్లోజింగ్. డిశ్చార్జి బిల్లు మీరు చేయకపోతే రాయొద్దు. ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ కాగితాలు, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల నమోదు చూసేది వేరే డెస్కయితే అవీ మీవి కావు. పేషెంటుని ఆ డెస్కుకి ఏ కాగితాలతో పంపాలో మీకు తెలిస్తే ఆ మాట ఇంటర్వ్యూలో చెప్పొచ్చు.

ఇందులో మీకు తెలియకుండానే వచ్చిన విద్య ఒకటుంది, దాన్ని తప్పకుండా పెట్టండి. మన జిల్లాలో అప్పలనాయుళ్లు ఎంతమంది, పైడిరాజులు ఎంతమంది! ఒకే ఊరి నుంచి ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రామలక్ష్ములు వస్తారు. అప్పలనాయుడు అన్న పేరుని ఒక అమ్మాయి ఇంగ్లిషులో కలిపి కొడుతుంది, ఇంకో అమ్మాయి మధ్యలో ఖాళీ వదిలి కొడుతుంది. వెతికితే దొరకదు, కొత్త నంబరు వేసేస్తారు. ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి, పాత షుగర్ రిపోర్టు ఒకదాంట్లో, కొత్త ప్రిస్క్రిప్షన్ ఇంకోదాంట్లో. లేదంటే ఇంతకన్నా ప్రమాదం, ఒకరి ఫైలు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీరు ముందు ఫోన్ నంబరుతో వెతికి, తర్వాత వయసు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు అడిగి సరిచూసుకునే కొత్త నంబరు వేస్తుంటే, అది రాయదగ్గ నైపుణ్యం. ఇంటి మొత్తానికి ఒకే ఫోన్ ఉండే కుటుంబాల్లో నంబరు ఒక్కటీ చూస్తే చాలదన్న సంగతి మీకు తెలుసు, ఏసీ గదిలో కోర్సు చేసి వచ్చిన పిల్లలకి తెలియకపోవచ్చు.

ఎక్సెల్ గురించి కూడా చెప్పేస్తాను. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక చిన్న షీటు ఇస్తే, అడిగేది సాధారణంగా ఫిల్టర్ పెట్టడం, డాక్టరు వారీగా లెక్క తీయడం, తేదీల వరసలో పెట్టడం. మీ ఫోన్‌లోనే గూగుల్ షీట్స్ తెరిచి, ఊహించిన పేర్లతో ఒక 50 వరసల పట్టిక తయారుచేసుకోండి. పైన ఒక వరస శీర్షికలకి వదిలి, మూడో నిలువు వరసలో New, Review అని ఇంగ్లిషులో రెండు రకాలు పెట్టి, ఎన్ని రివ్యూలున్నాయో ఇలా తీసి చూడండి:

```
=COUNTIF(C2:C51,"Review")
```

దీంతోపాటు ఫిల్టర్, సార్ట్ చేతికి వస్తే రెజ్యూమేలో “ఎక్సెల్: ఫిల్టర్, సార్ట్, రోజువారీ లెక్కలు” అని ధైర్యంగా రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ అని మాత్రం రాయకండి. ఆ మాట చూశారంటే పరీక్ష కష్టంగా పెడతారు. ఫోన్ ఎక్స్‌ఛేంజ్ ఉంటే, అంటే ఇంటర్‌కమ్ మీద కాల్ మళ్లించే పెట్టె, అదీ ఒక మాటలో చెప్పండి.

గట్టిగా మాట్లాడేవాళ్ల విషయానికి వస్తే, “కోపంగా ఉన్న కాలర్లను సమర్థంగా ఎదుర్కొన్నాను” అన్న వాక్యం పనికిరాదు. అందులో ఏం చేశారో లేదు. పైగా ఎదుర్కోవడం అన్న మాట వింటే మీకూ వాళ్లకీ తగువైనట్టుంటుంది. ముందు రెండు వారాలు కాల్స్‌ని విడదీయండి. డెస్క్ మొబైల్ అయితే ఆ రోజు కాల్ లాగ్ ఆ రోజే లెక్కపెట్టుకోండి, పాతవి చెరిగిపోతుంటాయి. అపాయింట్‌మెంట్ కోసం, డాక్టరు ఉన్నారా అని, రిపోర్టు వచ్చిందా అని, ఫిర్యాదుకి అని నాలుగు వరసల్లో గీతలు పెట్టండి. మీ పనిలో సగం తిట్లే అనిపిస్తోంది గానీ, 60 కాల్స్‌లో ఎనిమిదో పదో తేలతాయేమో. తక్కువ తేలినా నష్టం లేదు. ఏ కారణానికి కోపం వస్తుందో తెలిస్తే అదే మీకు రాయాల్సిన వాక్యం.

చాలాచోట్ల మొదటి కారణం ఒకటే, డాక్టరు ఆలస్యం. ఒక సోమవారం ఇలా జరిగిందనుకోండి. పది గంటల ఓపీ, డాక్టరుగారు అత్యవసర ఆపరేషన్‌లో ఉండిపోయారు, పన్నెండున్నర దాకా రారు. ఫోన్ మోగింది. “ఏటమ్మా, సాలూరు నుంచి పొద్దున్నే బస్సెక్కినాం, ఇప్పుడు డాట్రు లేడంటే ఎలాగ? ఫోన్ సెయ్యడం తెలీదా మీకు?” ఇక్కడ “సార్, ఎమర్జెన్సీ సార్, మా చేతిలో లేదు సార్” అనేవాళ్లు చాలామంది. అది నిజమే గానీ అవతలివాడికి అందులో ఒక్క టైము కూడా దొరకలేదు. బాగా చేసే అమ్మాయి ఆయన్ని ఆసాంతం మాట్లాడనిచ్చి, “బస్సు ఎక్కడి దాకా వచ్చిందండీ?” అని అడుగుతుంది. డాక్టరు పన్నెండున్నరకి వస్తారని, దూరం నుంచి వచ్చేవాళ్లని ముందు పంపడానికి డాక్టరుగారిని అడిగి పావుగంటలో తానే ఫోన్ చేస్తానని చెబుతుంది. చెప్పినట్టు చేస్తుంది. ఆ ఫోన్ పెట్టేసి ఊరుకోదు, మిగతా అపాయింట్‌మెంట్ల జాబితా తెరిచి ఇంకా ఇల్లు కదలనివాళ్లకి తానే ముందుగా ఫోన్లు చేస్తుంది. 18 మందిలో 11 మంది దొరికారు, కంటోన్మెంట్‌లోనో బాలాజీనగర్‌లోనో ఉండే ఏడుగురు సాయంత్రానికి మార్చుకున్నారు. కౌంటర్ దగ్గర గొడవ చేయడానికి మిగిలినవాళ్లు తగ్గిపోయారు.

ఇలాంటి రోజు మీకు కూడా వచ్చే ఉంటుంది. మీదైన రోజునే రాయండి, పైదాన్ని ఎత్తి రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. రెజ్యూమేలో దానికి రెండు వరసలు మించకూడదు:

“డాక్టరు ఆలస్యమైన రోజుల్లో పేషెంట్లకి ముందుగా ఫోన్ చేసి వేరే సమయం ఇచ్చాను, ఫిర్యాదు కాల్స్ టైముతో సహా రిజిస్టర్‌లో రాసి, తిరిగి ఫోన్ చేస్తానన్న సమయానికి చేశాను.”

కాలర్ ఎంత అన్యాయంగా మాట్లాడినా రెజ్యూమేలో వాళ్లని తాగుబోతులనీ మొరటువాళ్లనీ అనకండి. బూతులు తిట్టినవాళ్ల కాల్‌ని ఏం చేశారని అడిగితే, ఒకసారి హెచ్చరించి, ఆగకపోతే పెట్టేసి, నంబరూ టైమూ రాసి సూపర్‌వైజర్‌కి చెప్పానని చెప్పండి. ఓర్చుకున్నాను అని గొప్పగా చెప్పక్కర్లేదు.

ఇంకో రకం కష్టమైన కాలర్ అరవడు, మెత్తగా అడుగుతాడు. “నేను ఆ అమ్మాయి మావగారినమ్మా, కోడలి రిపోర్టు ఏమొచ్చిందో చెప్పు” అని. ఇంటర్వ్యూలో దీన్ని తరచూ అడుగుతారు. ఫోన్‌లో ఎవరికీ రిపోర్టు చెప్పం, రిజిస్టరైన నంబరుకి మేమే ఫోన్ చేసి పేషెంటుతోనే మాట్లాడతాం అన్నదే జవాబు. ఆ అమ్మాయి అసలు మా దగ్గరకి వచ్చిందని కూడా ఒప్పుకోకూడదు. స్కానింగ్ ఉన్న చోట అయితే, అబ్బాయా అమ్మాయా అని సైగతో అడిగేవాళ్లూ ఉంటారు. 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది మాటతో చెప్పినా, సైగతో చెప్పినా నేరమే. మీ దాకా ఆ సమాచారం రాదు, వచ్చినా నోరు విప్పకూడదు.

మీ రెజ్యూమే పైభాగం ఇలా మారుతుంది. ఇంగ్లిషులోనే రాయండి, నేను ఇక్కడ విషయం చెబుతున్నాను, అంకెల చోట మీ అంకెలు పెట్టుకోండి:

“రిసెప్షనిస్ట్, 3 సంవత్సరాలు, ప్రైవేటు ఆస్పత్రి, విజయనగరం. నా లాగిన్‌లో రోజుకు సగటున 47 ఓపీ బిల్లులు. ఇద్దరం కలిసి రోజుకు 30 రివ్యూ టోకెన్లు. సోమవారం ఉదయం రద్దీలో రెండు గంటల్లో 22 రిజిస్ట్రేషన్లు. రోజుకు దాదాపు 60 ఫోన్ కాల్స్. పేషెంటు రిజిస్ట్రేషన్, అపాయింట్‌మెంట్, ఓపీ, ల్యాబ్ బిల్లింగ్, క్యాష్, కార్డు, యూపీఐ షిఫ్ట్ క్లోజింగ్. ఒకే పేరున్న పేషెంట్లకి రెండు నంబర్లు పడకుండా సరిచూడడం. తెలుగు, ఒడియా ధారాళంగా. ఇంగ్లిషు, హిందీ పనికి సరిపడా.”

హిందీ మీకెంత వచ్చో నాకు తెలియదు, రాకపోతే తీసేయండి. ఒడియాని మాత్రం మీరు చివర్లో హాబీల పక్కన కూడా పెట్టలేదు, నాకు ఆశ్చర్యం వేసింది. రాయగడ, కొరాపుట్ వైపు నుంచి రైలెక్కి విశాఖ ఆస్పత్రులకి వచ్చేవాళ్లు ఎంతోమంది. కౌంటర్‌లో వాళ్ల భాష మాట్లాడే మనిషి ఉందంటే ఏ మేనేజరైనా రెండోసారి చూస్తాడు. అది పై నాలుగు వరసల్లోనే ఉండాలి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఒక పేజీ చాలు. ఆధార్ నంబరు, కులం, మతం తీసేయండి, ఎవరికీ అక్కర్లేదు. ఫైలుకి “న్యూ డాక్యుమెంట్ ఫైనల్ 2” అని పేరుంది, పీడీఎఫ్ చేసి మీ పేరూ ఉద్యోగం పేరూ పెట్టండి. మీ ఫోన్‌కి సినిమా పాట కాలర్ ట్యూన్ ఉంటే ఈ రెండు నెలలు ఆపేయండి, ఫ్రంట్ ఆఫీస్‌కి మనిషిని వెతికేవాళ్లు మొదట వినేది దాన్నే.

ఇంకొకటి, మీరు రెజ్యూమేలో హోదా “ఫ్రంట్ ఆఫీస్ ఎగ్జిక్యూటివ్” అని పెట్టారు. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో రిసెప్షనిస్ట్ అని ఉంటే అదే రాయండి. చేరేముందు పాత ఆస్పత్రికి ఫోన్ చేసి హోదా, తేదీలు సరిచూసుకునే చోట్లున్నాయి, పేరు తేడా వస్తే నిజమైన 47 కూడా అనుమానంలో పడుతుంది. పై హోదా రావాల్సిన పని మీరు చేస్తున్నారని అనిపిస్తే, రాజీనామా ఇచ్చేముందే మీ మేనేజరుని అడగండి, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో చేసిన పనులు కూడా రాసివ్వమని.